తూకం వేశాక బిల్లు మారితే ఆ తేడా ఎవరు భరించాలి?

కాకినాడ శ్రీను

కాకినాడలో మాది కూరగాయలు, మటన్, చేపల షాపు. ఈమధ్యే సొంత వెబ్‌సైట్ పెట్టాం, డబ్బులు ముందే యూపీఐలో కట్టించుకుంటున్నాం. కేజీ మటన్ ఆర్డర్ వస్తే ఒకసారి 955 గ్రాములు పడుతుంది, ఒకసారి 1,060 పడుతుంది. ప్యాక్ చేశాక అసలు తూకానికి బిల్లు మార్చాలా, ఆర్డర్‌లో చూపించిన రేటే ఖాయం చేయాలా? మారిస్తే, ఎక్కువ పడ్డప్పుడు కస్టమర్ దగ్గర ఆ తేడా ఎలా తీసుకోవాలి?

బిల్లింగ్ లక్ష్మి, విజయవాడ

శ్రీను గారూ, బిల్లు అసలు తూకానికే వేయండి, కానీ కిందికి మాత్రమే మారనివ్వండి. తక్కువ పడితే తేడా వెనక్కి పంపండి. ఎక్కువ పడితే ఆ ఎక్కువ షాపుదే, కస్టమర్‌ని అడగొద్దు. నేను రిటైల్ షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిపెడతాను. ఈ ఒక్క నిర్ణయం దగ్గర తడబడిన షాపులకే తర్వాత ఫిర్యాదులన్నీ వచ్చాయి.

షాపులో కస్టమర్ ఎదురుగా ఉన్నప్పుడు "అమ్మా, అరవై గ్రాములు ఎక్కువ పడింది, ఉంచమంటారా?" అని అడుగుతారు. ఆవిడ ఊ అంటేనే కవర్లో వేస్తారు. ఆన్‌లైన్ ఆర్డర్‌లో ఆ ఊ అనే మనిషి ఎదురుగా లేదు. పైగా యూపీఐలో కస్టమర్ పిన్ కొట్టింది ఒక మొత్తానికే. ఇంకో రూపాయి కావాలన్నా ఆయన మళ్లీ ఒప్పుకుని కట్టాల్సిందే. మీరు ₹54కి పేమెంట్ లింక్ పంపుతారు, ఆయన ఆఫీసులో మీటింగ్‌లో ఉంటాడు, డెలివరీ కుర్రాడు గేటు దగ్గర నిలబడి ఉంటాడు, మటన్ ఎండలో ఉంటుంది. డబ్బు వెనక్కి పంపడానికి మాత్రం ఎవరి పిన్నూ అక్కర్లేదు. అందుకే రెండు వైపులా సమానంగా సర్దుదాం అనుకుంటే పని జరగదు.

ఒక ఆర్డర్ లెక్క చూపిస్తాను. బంగాళదుంప 2 కేజీలు, కేజీ ₹32. బెండకాయ అరకేజీ, కేజీ ₹60. కాలీఫ్లవర్ ఒకటి, కేజీ ₹50, 700 గ్రాములు ఉంటుందని అంచనా. మటన్ కేజీ ₹900. వరుసగా 64, 30, 35, 900, మొత్తం ₹1,029. వెయ్యి దాటితే ₹50 తగ్గించే కూపన్ ఉందనుకుందాం, కస్టమర్ కట్టింది ₹979.

ప్యాకింగ్‌లో బంగాళదుంప 2,045 గ్రాములు పడింది. ఎక్కువ పడింది కాబట్టి 2 కేజీలకే బిల్లు, ₹64. బెండకాయ 490 పడింది, ₹29.40. కాలీఫ్లవర్ 620, ₹31. మటన్ 955, ₹859.50. మొత్తం ₹983.90. ఇప్పుడు ఇది వెయ్యి దాటలేదు కదా అని సాఫ్ట్‌వేర్ కూపన్ కొట్టేస్తే, కస్టమర్ ఇంకో ₹4.90 బాకీ పడినట్టు చూపిస్తుంది. మటన్ తక్కువ కోసింది షాపు, జరిమానా పడింది కస్టమర్‌కి. నేను చూసిన బిల్లింగ్ తప్పుల్లో ఎక్కువసార్లు కనపడేది ఇదే. కూపన్, ఫ్రీ డెలివరీ లాంటివన్నీ ఆర్డర్ పెట్టినప్పటి మొత్తం మీదే తేల్చి, అక్కడితో తాళం వేసేయాలి. అప్పుడు 983.90లో 50 తీస్తే ₹933.90, వెనక్కి వెళ్లాల్సింది ₹45.10.

గుంటూరు బాషా

మేడమ్ గారూ, లెక్క బాగానే ఉంది, కానీ కత్తి పట్టుకునేది మేము. ఆదివారం పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా మా దగ్గర ఊపిరాడదు. కేజీ అడిగితే 1,040 పడిందనుకోండి, ఆ 40 గ్రాములు ₹36. ఒక్క ఆర్డర్‌కి ఏముందిలే అంటారు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వేసుకుంటే నాకు మిగిలేదే అది. మరి ఆ ముక్క తీసేయమంటారు. ఏ ముక్క తీయాలి? ఎముక తీస్తే నాకు నష్టం, కండ తీస్తే కస్టమర్‌కి నష్టం. నల్లి తీశానంటే ఆయన మళ్లీ నా షాపుకే రాడు.

నా మటుకు నేను పది శాతం అటూ ఇటూ అని ముందే రాసిపెట్టి, ఎంత పడితే అంతకి డబ్బు తీసుకుంటాను. మాంసం వ్యాపారం మొదటి నుంచీ అలాగే ఉంది.

హైదరాబాద్ పద్మ

నేను కొనే మనిషిని, అమ్మే మనిషిని కాదు. బాషా అన్నా, పది శాతం అంటే కేజీకి ₹90. బియ్యం బస్తా ఎవరైనా అలా అమ్ముతారా?

నాకు జరిగింది చెప్తాను. కూకట్‌పల్లిలో ఒక యాప్‌లో కూరగాయలు తెప్పించేదాన్ని. ప్రతిసారీ తూకం తగ్గేది, తేడా ఆ యాప్ వాలెట్‌లో పడేది. ఏడు రూపాయలు, పన్నెండు రూపాయలు, అలా. బ్యాంకులో వేయమంటే కుదరదన్నారు, గడువు అయిపోగానే పోయింది. నా డబ్బు నా ఖాతాలోంచి తీసుకున్నప్పుడు నా ఖాతాలోకే రావాలి. శ్రీను గారు వాలెట్ జోలికి మాత్రం వెళ్లకండి.

రిటైర్డ్ చలపతి, రాజమండ్రి

ఇందులో చర్చించడానికేముంది? తూనికలు కొలతల చట్టం 2009లోనే స్పష్టంగా ఉంది. కేజీ అని అమ్మితే కేజీ ఉండాలి. 955 గ్రాములు ఇవ్వడమే నేరం. డబ్బు వెనక్కి ఇచ్చినా నేరం నేరమే. కాబట్టి ఎప్పుడూ కేజీకి పైనే ప్యాక్ చేయాలి, ఆ ఖర్చు వ్యాపారి భరించాలి.

బిల్లింగ్ లక్ష్మి, విజయవాడ

చలపతి గారూ, మీరన్నదాంట్లో సగం ఒప్పుకుంటాను. కవర్ మీద "1 కేజీ" అని స్టిక్కర్ వేసి లోపల 955 పెడితే అది తప్పే, డబ్బు తర్వాత తిరిగిచ్చినా తప్పే. కానీ స్టిక్కర్ మీద 955 గ్రాములు, ₹859.50 అని రాసి, అంతకే డబ్బు తీసుకుంటే ప్యాకెట్ అబద్ధం చెప్పడం లేదు కదా.

మీరు చూపిస్తున్న చట్టంలో ముందే ప్యాక్ చేసిన సరుకులకి ప్రత్యేక నిబంధనలున్నాయి. అలాంటి సరుకు అంటే ఏమిటన్న నిర్వచనంలో రెండు మాటలున్నాయి. కొనేవాడు ఎదురుగా లేకుండా ప్యాక్ చేయాలి, ముందే నిర్ణయించిన పరిమాణం ఉండాలి. ఆన్‌లైన్ ఆర్డర్‌లో మొదటిది కచ్చితంగా వర్తిస్తుంది. రెండోది వర్తిస్తుందా అన్నదే ప్రశ్న. నా లెక్కలో, ఒక్కో కస్టమర్ ఆర్డర్ చూసి కోసి తూచేది ముందే నిర్ణయించిన పరిమాణం కాదు. కస్టమర్ అడిగిన కేజీయే నిర్ణయించిన పరిమాణం అని ఇంకొకరు వాదించవచ్చు. శ్రీను గారు జిల్లా తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్‌ని అడిగి, సమాధానం కాగితం మీద తీసుకోవడం మంచిది.

పద్మ గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. కట్టిన దారిలోనే వెనక్కి పంపాలి.

బాషా గారికి ఇప్పుడు. మీ నష్టం నిజమైనదే. కానీ ముక్కలు కొట్టాక తూస్తే ఏ ముక్క తీయాలన్న సమస్య వస్తుంది. కొట్టకముందే, తొడ, భుజం, పక్కటెముకలు పెద్ద తునకలుగా పెట్టి తూచుకుని, 980 దగ్గర ఆపి, అప్పుడు కొట్టించండి. కొట్టేటప్పుడు ఎముక పొడి కాస్త రాలుతుంది, అంతే. ఎక్కువైతే పెద్ద తునక అంచులోంచే ఒక చీలిక తీయవచ్చు, అది కైమాకి వెళ్తుంది. కేజీ మీద ఇరవై గ్రాములు తక్కువ ఇచ్చి ₹18 వెనక్కి పంపడం, నలభై గ్రాములు ఊరికే ఇవ్వడం కంటే మీకే మంచిది.

పది శాతం దగ్గర అసలు ప్రమాదం ఇంకోటి ఉంది. పైకి పది దాకా ఫర్వాలేదని ప్యాకింగ్ మనిషికి తెలిసిన రోజు నుంచి చెయ్యి మెల్లగా పైకి పోతుంది. ఎవరూ కావాలని చేయరు. తక్కువ పడితే ఇంకో ముక్క వెతకాలి, ఎక్కువ పడితే పని అయిపోయినట్టే. కొన్నాళ్లకి కేజీ ఆర్డర్లన్నీ 1,050 మీదే ఉంటాయి. కనిపెట్టడం తేలిక. ప్రతి ఆర్డర్‌కీ పడిన తూకాన్ని అడిగిన తూకంతో భాగించి, కటింగ్ మనిషి వారీగా నెల సగటు తీయండి. నిజాయితీగా అటూ ఇటూ పడుతుంటే సగటు 1.00 చుట్టూ తిరుగుతుంది, ఒకటికి కింద ఉన్నవీ కనపడతాయి. సగటు 1.04 ఉండి, ఒకటికి కింద ఒక్కటీ లేదంటే అది యాదృచ్ఛికం కాదు.

గుంటూరు బాషా

సగటు మాట నాకు నచ్చింది, మా కుర్రాళ్లది తీయించి చూస్తాను. పెద్ద తునకలుగా తూచడం మాత్రం చెప్పినంత తేలిక కాదు మేడమ్. మిక్స్ అడిగేవాళ్లకి కాలేయం, పక్కటెముక, తొడ అన్నీ ఒక్కో ముక్క రావాలి. అవి వేర్వేరు గిన్నెల్లో కొట్టి ఉంటాయి.

ఇంకో సంగతి. ఇంట్లో పది మందికి బిర్యానీ వండుకునే ఆయన 955 వస్తే సంతోషిస్తాడా? డబ్బు వెనక్కి వచ్చిందని కాదు, కూర తగ్గిందని ఫోన్ చేస్తాడు. ₹50 ఎక్కువైనా పర్లేదు, తక్కువ పంపకండి అని మా పాత కస్టమర్లే చెప్తారు.

హైదరాబాద్ పద్మ

ఆ ఒక్క మాట నిజం. చుట్టాలొచ్చే రోజు నేనూ అదే అంటాను. కానీ అలా అనే హక్కు నాది, షాపుది కాదు. ఆర్డర్ పెట్టేటప్పుడే "కొంచెం ఎక్కువైనా పర్లేదు, తేడా డెలివరీ దగ్గర ఇస్తాను" అని ఒక టిక్ పెట్టే చోటు ఇస్తే, నాకు కావలసిన రోజు పెట్టుకుంటాను.

డల్లాస్ ప్రసాద్

ఇక్కడ అమెరికాలో ఇన్‌స్టాకార్ట్ అనే సరుకుల యాప్‌లో ఆర్డర్ పెడితే కార్డు మీద ముందు కొంచెం ఎక్కువ మొత్తానికి హోల్డ్ పెడతారు. మనకోసం షాపులో సరుకు ఏరే మనిషి తూకం వేశాక అసలు బిల్లు ఎంతైతే అంతే తీసుకుంటారు, మిగతాది వదిలేస్తారు. చికెన్ ట్రే రెండు పౌన్లకి బదులు రెండున్నర వచ్చినా అందులోనే సర్దుకుంటుంది. డెబిట్ కార్డు వాళ్లకి మాత్రం ఖాతాలో డబ్బు కొన్ని రోజులు కనపడక టెన్షన్ వస్తుంటుంది. మనదగ్గర కూడా ఇలాగే చేసేస్తే సరిపోతుంది కదా, ఇంత చర్చ ఎందుకు?

కోడ్ హరీష్

ప్రసాద్ గారూ, మనదగ్గర చిన్న షాపు కస్టమర్లలో ఎక్కువమంది యూపీఐ వాడతారు, కార్డు కాదు. మామూలు యూపీఐ చెల్లింపులో హోల్డ్ ఉండదు, పిన్ కొట్టగానే డబ్బు వెళ్లిపోతుంది. 2018లో వచ్చిన యూపీఐ 2.0లో వన్ టైమ్ మ్యాండేట్ అని ఉంది, అందులో డబ్బు ఖాతాలోనే బ్లాక్ అయి ఉండి తర్వాత తీసుకోవచ్చు. మీ పేమెంట్ గేట్‌వే, అంటే వెబ్‌సైట్‌లో మీ తరఫున డబ్బు వసూలు చేసే కంపెనీ, చిన్న వ్యాపారికి అది ఇస్తుందో లేదో అడిగి చూడాలి. కార్డుల్లో కూడా, హోల్డ్ పెట్టిన మొత్తం ఎంతో అంతే తీసుకోవాలని పట్టుబట్టే గేట్‌వేలు ఉన్నాయి. అంతకంటే తక్కువ తీసుకోనివ్వకపోతే ప్రసాద్ గారి పద్ధతి నడవదు. పద్ధతి ఎంచుకోకముందే ఇది తేల్చుకోండి.

లక్ష్మి గారు చెప్పిన పద్ధతికి లెక్క ఇంతే. గ్రాములు, పైసలు పూర్ణసంఖ్యల్లోనే దాచండి. 0.955 అని దశాంశాల్లో దాస్తే ఎక్కడో ఒక పైసా తేడా వచ్చి లెక్క కలవదు.

```
billed_g     = min(packed_g, ordered_g)
line_paise   = round(billed_g * rate_paise_per_kg / 1000)
refund_paise = paid_paise - (sum(line_paise) - coupon_paise)
```

మటన్‌కి వేసి చూడండి. 955ని 90,000తో గుణించి వెయ్యితో భాగిస్తే 85,950 పైసలు, అంటే ₹859.50. రెంటిలో తక్కువది తీసుకునే ఆ min ఏ వస్తువుకి ఆ వస్తువు దగ్గరే పెట్టడం ముఖ్యం. మొత్తం బిల్లు మీద పెడితే, బంగాళదుంప ఎక్కువ పడిన డబ్బు మటన్ తక్కువ పడిన దాంట్లో కలిసిపోతుంది. అడగని బంగాళదుంపకి కస్టమర్ డబ్బు కట్టినట్టవుతుంది, బిల్లు చూసినా అర్థం కాదు.

రీఫండ్ దగ్గర ఒక గుంట ఉంది. రీఫండ్ డబ్బు గేట్‌వేలో మీ ఖాతాలో మిగిలిన సొమ్ములోంచి వెళ్తుంది. నిన్నటి వసూళ్లన్నీ మీ బ్యాంకుకి వెళ్లిపోయి అక్కడ సొమ్ము లేకపోతే రీఫండ్ ఫెయిల్ అవుతుంది, లేదా పెండింగ్‌లో పడుతుంది. మీ స్క్రీన్ మీద రీఫండ్ నొక్కినట్టే ఉంటుంది, కస్టమర్‌కి మాత్రం రాదు. రోజూ రాత్రి ఫెయిల్ అయినవి ఎవరో ఒకరు చూడాలి. ఇంకోటి, రీఫండ్ ఇచ్చినా గేట్‌వే ఛార్జీ మీకు తిరిగి రాకపోవచ్చు, అగ్రిమెంట్ చూసుకోండి. అందుకే ₹2, ₹3 రీఫండ్లు వందల్లో పంపే బదులు, ₹10 లోపు తేడా తర్వాతి ఆర్డర్‌లో తగ్గిస్తే బాగుంటుందని నా అభిప్రాయం.

హైదరాబాద్ పద్మ

అదే వాలెట్ మళ్లీ ఇంకో పేరుతో. తర్వాతి ఆర్డర్ పెట్టకపోతే?

బిల్లింగ్ లక్ష్మి, విజయవాడ

హరీష్, ఈ ఒక్కటి ఒప్పుకోను. పది రూపాయల లోపు తేడా ఎక్కువగా కూరగాయల్లోనే వస్తుంది. రూపాయికి దగ్గర చేసి ఆ రూపాయలు పంపేయాలి. షాపుకి తలనొప్పి అనిపిస్తే ప్యాకింగ్‌లోనే సరిగ్గా అరకేజీ పెట్టుకోవచ్చు. బెండకాయ ఒక్కొక్కటీ పది పదిహేను గ్రాములు, చివర్లో ఒకటి వేసో తీసో సరిచేయవచ్చు. మటన్‌లా ఇబ్బంది లేదు. పది గ్రాములు తక్కువ పెట్టి అరవై పైసల రీఫండ్ చేయడం కంటే ఇంకో బెండకాయ వేయడం సుఖం.

కాలీఫ్లవర్, క్యాబేజీ, ఆనపకాయ, గుమ్మడికాయ లాంటివి కేజీల్లో అమ్మొద్దు. కాయకింత అని పెట్టి, చిన్నది, మధ్యస్థం, పెద్దది అని మూడు రేట్లు పెట్టండి. కోసి సరిచేయలేని సరుకుకి అంచనా తూకం పెట్టడం దగ్గరే గొడవ మొదలవుతుంది.

రాఘవయ్య, తెనాలి

బాబులూ, ఎంతసేపూ బిల్లు, రీఫండ్ అంటున్నారు, అసలు మోసం కాటాలో ఉంది. ఒక సంతలో నేను కేజీ వంకాయలు కొని ఇంటికొచ్చి తూస్తే 850 వచ్చింది. కాటా సరిగ్గా లేనప్పుడు మీ లెక్కలన్నీ దేనికి? ముందు ఎలక్ట్రానిక్ కాటాలన్నీ పట్టుకోవాలి.

బిల్లింగ్ లక్ష్మి, విజయవాడ

పెద్దాయనా, ఇక్కడ అడిగింది వేరే, కాటా నిజాయితీగానే ఉందనుకుని వేసిన ప్రశ్న ఇది. అయినా మీరు మంచి చోట చెయ్యి పెట్టారు. అసలు తూకానికి బిల్లు వేస్తామని చెప్పుకున్నాక ఆ తూకానికి విలువుండాలి.

శ్రీను గారూ, ఎలక్ట్రానిక్ కాటాకి ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాలి. కాటాకి ఉన్న పలక మీద e అని ఒక అంకె ఉంటుంది, తూకం ఎన్ని గ్రాముల మెట్లలో మారుతుందో అది చెబుతుంది, చాలా షాపుల్లో 30 కేజీల కాటాకి e = 5 g. అదే పలకపై Min అని కూడా ఉంటుంది, ఈ రకం వాటికి e కి ఇరవై రెట్లు, అంటే 100 గ్రాములు. అంతకు తక్కువ బరువు ఆ కాటాపై తూచి బిల్లు వేయకూడదు. 50 గ్రాముల అల్లం పెడితే స్క్రీన్ 50 చూపిస్తుంది, కానీ రెండు మూడు గ్రాముల తేడా అంటే అక్కడ ఐదు శాతం. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు లాంటివి ₹10 ప్యాకెట్, కట్ట అని అమ్మండి, లేదా ఒక గ్రాము చూపించే చిన్న కాటా పెట్టుకోండి.

మటన్ ట్రే, ఐస్ ప్యాక్, కవర్ బరువు టేర్ బటన్ నొక్కి తీసేయాలి. ఖాళీ కవర్ పెట్టి టేర్ నొక్కాలన్నది కుర్రాళ్లకి గుర్తుంటుంది. కానీ కాటా ఆపి మళ్లీ వేసినప్పుడు అది పోతుందని మర్చిపోతారు. కరెంటు పోయి వచ్చాక వెళ్లిన మొదటి నాలుగైదు ఆర్డర్లలో ట్రే బరువు కలిసిపోవడం మామూలే. పొద్దున ఒకసారి, కరెంటు వచ్చాక ఒకసారి, ముద్ర వేయించిన కేజీ రాయి పెట్టి చూసుకోండి.

కాకినాడ శ్రీను

అందరికీ ధన్యవాదాలండి. కూరగాయలకి లక్ష్మి గారు చెప్పినట్టే చేస్తాను. మటన్‌కి బాషా అన్న చెప్పిన బిర్యానీ మాట కూడా నిజమే అనిపిస్తోంది. చేపల సంగతి ఎవరూ చెప్పలేదు. మాకు కొరమీను, శీలావతి వస్తాయి, చాలామంది క్లీన్ చేసి పంపమంటారు. క్లీన్ చేశాక తూకం బాగా తగ్గిపోతుంది కదా, అప్పుడు తేడా మొత్తం వెనక్కి ఇవ్వాలా?

భీమవరం రాజు

శ్రీను, చేపకి ప్యాకింగ్ తూకం వాడొద్దు. చేప రేటు ఎక్కడైనా పూర్తి చేపకే, తల, తోక, లోపలి చెత్త అంతా కలిపి. దాన్నే తూచి, ఆ తూకానికే బిల్లు వెయ్యి. తర్వాత కోయించు. కోశాక తూకం కవర్ మీద వేరేగా రాయి, "చేప 1,080 గ్రాములు, కోశాక 760" అని. ఈ రెండూ రాయకపోతే కస్టమర్ ఇంట్లో తూచుకుని నిన్ను దొంగ అంటాడు, ఆయన్ని తప్పు పట్టలేం.

తల కావాలా వద్దా అన్నది ఆర్డర్‌లోనే అడుగు. తల ఉంచితే మా దగ్గర శీలావతి కేజీకి 800 దాకా మిగులుతుంది, తల తీసేస్తే 650 అటూ ఇటూ. రొయ్య అయితే ఇంకా ఘోరం, తల, పొట్టు తీస్తే దాదాపు సగం పోతుంది. అందుకే రొయ్యకి పొట్టుతో ఒక రేటు, ఒలిచినదానికి వేరే రేటు పెట్టి, ఒలిచినదైతే ఒలిచాకే తూచాలి.

ఇందులో లక్ష్మి గారి సూత్రం నడవని చోటు ఒకటుంది. ఎవరైనా కేజీ కొరమీను అడిగితే, నా తొట్టిలో ఉన్నవి 850, 1,150 అయితే ఏం చేయాలి? చేపని అంచులో చీలిక తీసి సరిచేయలేను. 850ది పంపితే వండుకునేవాడికి తక్కువ, 1,150ది పంపితే నాకు 150 గ్రాములు పోతాయి. కొరమీను ఖరీదైన చేప, అది చిన్న నష్టం కాదు. నేనైతే చేపకి ఫోన్ చేసి అడుగుతాను, ఊ అన్నాకే కోస్తాను.

బిల్లింగ్ లక్ష్మి, విజయవాడ

రాజు గారు చెప్పింది నిజం, చేపకి నా పద్ధతి సరిపోదు. కొట్టడానికి ముందు కస్టమర్ ఊ అనాల్సిన సరుకు అది. కాటా మీద చేప, స్క్రీన్ మీద తూకం రెండూ కనపడేలా ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టి, ఆ మెసేజ్‌కే జవాబు తీసుకోండి. తర్వాత మాట మారదు.

కోడ్ హరీష్

చేపకి ముందు డబ్బు తీసుకోకుండా, తూచాక లింక్ పంపితే సరిపోతుంది కదా? కొయ్యలేదు కాబట్టి కట్టకపోయినా చేప తొట్టిలోనే ఉంటుంది.

భీమవరం రాజు

కొరమీనుకి అది నడుస్తుంది, బతికే ఉంటుంది కాబట్టి. శీలావతి ఐసులో వస్తుంది, లింక్ కట్టేదాకా గంట ఆగితే ఇంకో కస్టమర్ వచ్చి అదే చేప అడుగుతాడు. పావుగంట గడువు పెట్టి, కట్టకపోతే ఆర్డర్ రద్దు అని ముందే రాస్తేనే పని అవుతుంది.

గుంటూరు బాషా

అదే నేను మొదటి నుంచీ చెప్పేది. చేపకి అడిగి కొట్టొచ్చు, మటన్‌కి ఎందుకు అడగకూడదు?

బిల్లింగ్ లక్ష్మి, విజయవాడ

అడగొచ్చు బాషా గారూ, పద్మ గారు చెప్పిన టిక్ ఉన్న ఆర్డర్లకి తప్పకుండా అడగండి. ఆదివారం ఏడింటికి రెండొందల ఆర్డర్లకీ ఫోన్ చేయడం మీవల్ల అవుతుందా అన్నదే నా సందేహం. టిక్ పెట్టనివాళ్లకి మాత్రం అడిగిన తూకం దాటి ఒక్క పైసా తీసుకోవద్దన్న మాట మీద నేను అలాగే ఉన్నాను.

గుంటూరు బాషా

టిక్ పెట్టినవాళ్లకి ఎంత దాకా పైకి పోవచ్చు? దానికైనా హద్దు ఉండాలి కదా.

హైదరాబాద్ పద్మ

యాభై గ్రాములు అన్నా. అంతకు మించితే ఫోన్ చేయండి.

గుంటూరు బాషా

యాభై చాలదు చెల్లెమ్మా, ఒక్క నల్లి ముక్కే అంతుంటుంది. వంద పెడతాను, తేడా డెలివరీ దగ్గర క్యూఆర్‌లో తీసుకుంటాను. మా వెబ్‌సైట్ కుర్రాడికి టిక్ సంగతి ఇవాళే చెప్తాను.